పెళ్లి పనుల గ్రూపు చాట్ నుంచి తేలినవి, తేలాల్సినవి విడదీయడం ఎలా

పెళ్లి పనుల కోసం పెట్టుకున్న కుటుంబ వాట్సాప్ గ్రూపులో నెల తిరిగేసరికి వేల మెసేజ్‌లు పోగవుతాయి. హాలు సంగతి తేలిందా అని అడిగితే ఒకరు తేలిందంటారు, ఇంకొకరు లేదంటారు, ఇద్దరూ అదే చాట్‌ని చూపిస్తారు. ఆ చాట్‌ని ఫైలుగా బయటకు తీసి రెండు జాబితాలుగా మార్చే పద్ధతి ఇది. మొదటి జాబితాలో తేలినవి, రెండోదాంట్లో తేలాల్సినవి ఉంటాయి. రెండు వేల మెసేజ్‌ల చాట్‌కి ఒక మనిషి ఒక పూట కూర్చుంటే చాలు. అందులో ఎక్కువ సమయం చదవడానికి కాదు, ఏ "సరే" దేనికి చెప్పిందో తేల్చడానికి పోతుంది.

ఫైలు తీయడం

ఎవరి ఫోన్‌లోంచి తీస్తారన్నది ముందు చూసుకోండి. గ్రూపు పెట్టిన రోజు నుంచీ ఉన్నవాళ్ల ఫోన్ కావాలి. మధ్యలో చేరినవాళ్ల ఫైల్లో వాళ్లు చేరకముందు జరిగినది ఉండదు. పేర్లు కూడా ఆ ఫోన్‌లో సేవ్ చేసినట్టే వస్తాయి. నంబర్లు సేవ్ చేసుకోని మనిషి ఫోన్‌లోంచి తీస్తే సగం మెసేజ్‌ల ముందు పేరుకు బదులు నంబరు ఉంటుంది, ఎవరు ఏమన్నారో పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఆండ్రాయిడ్‌లో గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, More లో Export chat ఎంచుకోవాలి. ఐఫోన్‌లో గ్రూపు పేరు మీద నొక్కితే వచ్చే పేజీలో కింద Export Chat ఉంటుంది. Without media సరిపోతుంది. ఫొటోలతో సహా తీస్తే ఫైలు బరువెక్కుతుంది, పాత మెసేజ్‌లు తెగిపోయే అవకాశమూ పెరుగుతుంది. కావాల్సిన నాలుగైదు ఫొటోలు తర్వాత ఫోన్‌లోనే తెరిచి చూసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ కుదరకపోతే గ్రూపు సెట్టింగుల్లో Advanced chat privacy ఆన్‌లో ఉందేమో చూడండి. 2025లో వచ్చిన ఈ సదుపాయం ఆన్‌లో ఉంటే చాట్‌ని బయటకు తీయనివ్వదు.

ఫైలు చేతికి రాగానే మొదటి లైను, చివరి లైను చూడండి. మొదటి లైను గ్రూపు మొదలైన రోజుదేనా, చివరి లైను ఇవాళ్టిదేనా? మొదటి లైను తేదీ ఆలస్యంగా ఉంటే పాత భాగం రాలేదని అర్థం. ఆ సంగతి సారాంశం పైనే "ఫలానా తేదీ నుంచి మాత్రమే" అని రాయాలి. లేకపోతే చదివేవాళ్లు మొత్తం చూసి రాశారనుకుంటారు.

ఫైల్లోకి రానివి కొన్ని ఉన్నాయి, ఎక్కువ తప్పులు అక్కడే పుడతాయి. మెసేజ్ మీద వేసిన బొటనవేలు, హృదయం గుర్తులు రావు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఆ బొటనవేలితోనే ఒప్పుకుంటారు కాబట్టి ఫైల్లో ఎవరూ జవాబివ్వనట్టు కనిపించిన ప్రతిపాదనకు ఫోన్‌లో నలుగురి ఆమోదం ఉండవచ్చు. ఒక మెసేజ్‌ని పట్టుకుని దానికి జవాబిస్తే, ఆ పట్టుకున్న మెసేజ్ కూడా ఫైల్లో కనబడదు, జవాబు ఒక్కటే మిగులుతుంది. వాయిస్ మెసేజ్‌లు, ఫొటోలు ఆండ్రాయిడ్ ఫైల్లో `<Media omitted>` అన్న ఒక్క ముక్కగా మారిపోతాయి. అందుకే ఈ పని చేసినంతసేపూ ఫైలు ఒకపక్క, గ్రూపు తెరిచి ఉన్న ఫోన్ ఇంకోపక్క ఉండాలి.

చదవడానికి వీలుగా సర్దుకోవడం

అసలు ఫైల్ని ముట్టుకోకుండా ఒక కాపీ చేసుకుని దాని మీదే పని చేయండి. కాపీలో ప్రతి లైనుకీ ఒక నంబరు ఉండాలి. సారాంశంలో రాసే ప్రతి మాటకూ వెనక ఒక లైను నంబరు, ఒక తేదీ ఉంటే, "అలా ఎవరన్నారు?" అని ఎవరడిగినా అర నిమిషంలో చూపించవచ్చు. స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లు మొదటి కాలమ్‌ని ముందుగా ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చి, అందులో మొత్తం అతికిస్తే వరుస నంబరే లైను నంబరు అవుతుంది. ముందే అలా మార్చకపోతే ప్లస్ గుర్తుతోనో సమానం గుర్తుతోనో మొదలైన లైన్లను షీటు లెక్కగా తీసుకుని పాడు చేస్తుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు ఇంత చాలు:

```
nl -ba chat.txt > chat-n.txt
grep -n "omitted" chat.txt
grep -n "deleted" chat.txt
```

మొదటిది నంబర్లు వేస్తుంది. రెండోది ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు ఉన్న చోట్లు చూపిస్తుంది. మూడోది తొలగించిన మెసేజ్‌ల చోట్లు చూపిస్తుంది. వాయిస్ మెసేజ్‌లన్నీ ఫోన్‌లో విని, ప్రతిదాన్నీ కాపీలో దాని చోటే ఒక వాక్యంగా రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పనే. కానీ టైప్ చేయడం ఇష్టంలేని పెద్దవాళ్లు చెప్పేదంతా వాయిస్‌లోనే ఉంటుంది, ఆఖరి మాటా చాలాసార్లు వాళ్లదే.

తేదీల తీరు కూడా ఇప్పుడే తేల్చుకోండి. 04/02 అంటే ఫిబ్రవరి నాలుగా, ఏప్రిల్ రెండా అన్నది ఫైలు తీసిన ఫోన్ సెట్టింగుని బట్టి ఉంటుంది. ఫైల్లో 12 దాటిన అంకె ఎక్కడ వచ్చిందో చూడండి. 17/02 అని ఉంటే రోజు ముందు, 02/17 అని ఉంటే నెల ముందు.

పండగ శుభాకాంక్షలు, ఫార్వర్డులు తీసేయవచ్చు. "సరే", "ఊ", "అలాగే" లాంటి చిన్న మెసేజ్‌లని మాత్రం ఒక్కటీ తీయకండి. చెత్తలా కనిపించేవి అవే, నిర్ణయాలు నిలబడేదీ వాటి మీదే. ఒక మాట కోసం వెతికి ఆ లైన్లు మాత్రమే చదివితే పని తేలికవుతుందని అనిపిస్తుంది కానీ మన చాట్‌లలో అది కుదరదు. ఒకే మాట నాలుగు రకాలుగా ఉంటుంది:

```
హాలు   హాల్   hall   haalu
సరే   sare   sarey   ok   okk
```

వెతుకులాట ఏదైనా విషయాన్ని రెండోసారి సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మొదటిసారి మాత్రం పైనుంచి కిందకు చదవాల్సిందే.

బంధుత్వాల పట్టిక

చదవడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద గ్రూపులో ఉన్నవాళ్లందరి పేర్లు రాసి, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో పక్కన రాసుకోండి. మన పిలుపులు మాట్లాడే మనిషిని బట్టి మారతాయి. అమ్మ "అన్నయ్య చూస్తానన్నాడు" అంటే అది మేనమామ. పెళ్లికూతురు అదే మాట అంటే ఆమె తోడబుట్టినవాడు. "బావ" అయితే మరీ చిక్కు. మేనత్త కొడుకూ బావే, అక్కను చేసుకోబోతున్న పెళ్లికొడుకూ బావే. సారాంశంలో పిలుపు వాడకుండా మనిషి పేరే రాయాలి. పేరు తేలకపోతే ఆ పని ఎవరూ ఒప్పుకోనట్టే లెక్క.

విషయాలవారీగా విడదీయడం

మొదటిసారి చదివేటప్పుడు ఏదీ తేల్చే ప్రయత్నం చేయకండి. ప్రతి లైను పక్కన అది దేనికి సంబంధించిందో ఒక్క మాట రాసుకుంటూ పోండి: హాలు, కార్డు, లెక్క, ఫొటో, గదులు, ప్రయాణం. ఏ పెళ్లికైనా ఎనిమిది, పది మాటలు సరిపోతాయి. ఒక లైను రెండు విషయాలకు చెందితే రెండూ రాయండి. ఆ పైన ఆ మాట ప్రకారం వరుస పెడితే, వారం రోజులపాటు వేరే కబుర్ల మధ్య చెదిరిపోయిన హాలు చర్చంతా ఒకచోటికి వస్తుంది.

తేదీల క్రమంలోనే చదువుతూ అక్కడికక్కడే సారాంశం రాస్తే నాలుగో తారీఖున ఒప్పుకున్నది రాసేసి, తొమ్మిదో తారీఖున మారిపోయిన సంగతి వేరేచోట రాస్తారు. చదివేవాళ్లకు రెండూ నిజంగానే కనిపిస్తాయి.

ఏది తేలినట్టు, ఏది తేలనట్టు

ఒక విషయం తేలిందని రాయాలంటే మూడు కనబడాలి. ఒకటి, ఫలానాది చేద్దామన్న స్పష్టమైన ప్రతిపాదన. రెండు, ఆ విషయంలో మాట చెల్లే మనిషి ఒప్పుకోలు. మూడు, ఆ తర్వాత దాన్ని కాదన్న మాట ఏదీ లేకపోవడం. డబ్బు కట్టడం, బుక్ చేయడం లాంటి పని జరిగిపోయి, అది విని మాట చెల్లే మనిషి అడ్డు చెప్పకపోతే దాన్ని కూడా ఒప్పుకోలుగా తీసుకోవచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా అది రెండో జాబితాలోకే వెళ్లాలి. సందేహం వచ్చిన ప్రతిసారీ రెండో జాబితానే ఎంచుకోండి. తేలినదాన్ని తేలలేదని రాస్తే ఎవరో ఒకరు సరిచేస్తారు, అంతటితో అయిపోతుంది. తేలనిదాన్ని తేలిందని రాస్తే ఎవరూ ఆ పని ముట్టుకోరు, ఆ సంగతి బయటపడేది పెళ్లి దగ్గరపడ్డాకే.

చిక్కంతా ఒప్పుకోలును గుర్తుపట్టడంలో ఉంది. మనవాళ్లు కాదన్న మాటను కాదని అనరు. "చూద్దాం" అంటే చాలాసార్లు మర్యాదగా వద్దనడమే, కనీసం ఇప్పుడు కాదనడం. "మీ ఇష్టం" ఒప్పుకోలు కాదు. భారం మీ మీద పెడుతున్నానని దాని అర్థం, ఒక్కోసారి అలక కూడా. "సరేలే"లో ఆ "లే" ఉందంటే మనసులో ఇంకో మాట ఉందని గుర్తు, అది మళ్లీ పైకి వస్తుంది. "కానివ్వండి", "అలాగే చేయండి", "ఖాయం చేసేయండి" మాత్రం నిఖార్సైన ఒప్పుకోళ్లు.

పని ఎవరిదో తేల్చడానికి క్రియను చూడండి. "చేస్తాను" అంటే మనిషి దొరికాడు. "చేయాలి" అంటే ఎవరూ లేరు. కర్తను మింగేయడం మన భాషకు అలవాటు కాబట్టి "ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడాలి" అన్న వాక్యం చదివిన ప్రతి ఒక్కరూ ఇంకొకరు మాట్లాడతారనుకుంటారు. "మేము చూసుకుంటాం" అంటే ఒక ఇంటివాళ్లు తమ మీద వేసుకున్నారు. "మనం చూసుకుందాం" అంటే ఎవరూ వేసుకోలేదు. ఈ రెండింటికీ తేడా గమనించకపోతే జాబితాలో తప్పు పేరు పడుతుంది.

"రేపు", "ఎల్లుండి", "వచ్చే ఆదివారం" అన్న మాటలన్నిటినీ మెసేజ్ తేదీని బట్టి అసలు తేదీలుగా మార్చండి. రాత్రి పన్నెండు దాటాక రాసిన "రేపు" దగ్గర ఆగి ఆలోచించాలి. రాసినవాళ్లు ఇంకా నిద్రపోలేదు కాబట్టి వాళ్ల లెక్కలో రేపంటే తెల్లవారాక వచ్చే రోజు. ఫైల్లో మాత్రం అప్పటికే తారీఖు మారిపోయి ఉంటుంది.

ఒక చాట్ ముక్కను విడదీసి చూద్దాం

కింది ముక్క ఇంటి చిన్న కూతురి ఫోన్‌లోంచి తీసిందనుకోండి. పెళ్లి ఆమె అక్కది. రోజు ముందు, నెల తర్వాత ఉన్నాయని వేరే లైన్లను బట్టి తేల్చుకున్నాం.

```
212 04/02/25, 8:41 pm - బాబాయ్: రెండో హాలు చూశాం. 400 మంది పడతారు. 14 ఖాళీ ఉందట
213 04/02/25, 8:43 pm - అత్త: మొదటిదే బాగుంది కదా, పార్కింగ్ ఉంది
214 04/02/25, 8:44 pm - అన్నయ్య: కార్డు డిజైన్ పంపుతున్నా చూడండి
215 04/02/25, 8:44 pm - అన్నయ్య: <Media omitted>
216 04/02/25, 8:46 pm - అమ్మ: సరే బాగుంది
217 04/02/25, 9:10 pm - నాన్న: 450 దాటేలా ఉన్నారు. లెక్క తేలాక హాలు చూద్దాం
218 04/02/25, 9:12 pm - బాబాయ్: రేపటికి చెప్పకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట
219 05/02/25, 12:20 am - అన్నయ్య: మొదటి హాలుకి రేపు నేనెళ్లి అడ్వాన్స్ ఇచ్చేస్తా
231 05/02/25, 1:05 pm - అన్నయ్య: <Media omitted>
232 05/02/25, 1:06 pm - అన్నయ్య: ఇచ్చేశాను
233 05/02/25, 1:30 pm - నాన్న: మంచిది
240 07/02/25, 7:15 pm - అత్త: ఫొటోలు మా మరిది ఫ్రెండ్ తీస్తాడు, మేము చూసుకుంటాం
241 07/02/25, 7:20 pm - అమ్మ: మీ ఇష్టం వదినా
242 07/02/25, 7:31 pm - బాబాయ్: వీడియో కూడా అతనేనా
248 09/02/25, 10:02 am - అన్నయ్య: This message was deleted
249 09/02/25, 10:05 am - నాన్న: అలాగైతే కార్డులో టైము మార్చాలి, ప్రింటుకి ఇవ్వకు
250 09/02/25, 10:06 am - అన్నయ్య: సరే నాన్నా
251 09/02/25, 10:30 am - అన్నయ్య: గదులు బావ చూసుకుంటానన్నాడు. ఎన్ని కావాలో చెప్పండి
```

హాలు సంగతి చూడండి. 217లో నాన్న ఆగమన్నారు. 219లో అన్నయ్య ఆగకుండా వెళ్తానన్నాడు, 232లో ఇచ్చేశానన్నాడు. 233లో నాన్న "మంచిది" అన్నారు. ఆగమన్న మనిషే జరిగిపోయిన పని విని ఒప్పుకున్నారు కాబట్టి మొదటి హాలు తేలినట్టే. 219లోని "రేపు" ఐదో తారీఖే అని 231 సమయం చెబుతోంది.

అయితే హాలు తేలిందని రాసి ముందుకు వెళ్లిపోతే రెండు పెద్ద ఖాళీలు వదిలేసినట్టు. 14 ఖాళీ ఉందన్నది రెండో హాలు గురించి. మొదటి హాలు ఏ తేదీకి దొరికిందో ఈ ముక్కలో ఎక్కడా లేదు. 400 మంది పడతారన్నదీ రెండో హాలు గురించే. మొదటిదాంట్లో ఎంతమంది పడతారో ఎవరూ చెప్పలేదు, నాన్న లెక్కేమో 450 దాటుతోంది. తొందరగా చదివినవాళ్లు "హాలు 14వ తేదీకి, 400 మందికి బుక్ అయింది" అని రాసేస్తారు. అందులో తేదీ, సంఖ్య రెండూ వేరే హాలువి. ఇలాంటి సారాంశం చూడటానికి చక్కగా ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. 231లోని ఫొటోని ఫోన్‌లో తెరవండి. రసీదే అయితే తేదీ అందులో ఉంటుంది. అందులోనూ లేకపోతే అన్నయ్యను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

కార్డు విషయంలో అమ్మ "సరే బాగుంది" డిజైన్ చూశాక రెండు నిమిషాలకు వచ్చింది. అది డిజైన్‌కే అనిపిస్తుంది. కానీ అత్త "మొదటిదే బాగుంది కదా" అన్న మూడు నిమిషాలకు కూడా అదే వచ్చింది. అమ్మ ఏ మెసేజ్‌ని పట్టుకుని జవాబిచ్చిందో ఫోన్‌లో చూస్తే ఒక్క క్షణంలో తేలుతుంది. ఫోన్‌లోనూ విడిగా ఉంటే అమ్మనే అడగాలి. ఎలాగైనా 249తో పరిస్థితి మారింది. ఇక్కడ తేలినది డిజైన్ కాదు, ప్రింటుకు ఇవ్వొద్దన్నది. ఆపమనడం కూడా నిర్ణయమే, మొదటి జాబితాలో దాన్నీ రాయాలి. టైము ఎందుకు మారింది, ఎంతకు మారింది అన్నది 248లో తొలగించిన మెసేజ్‌లో ఉండివుండవచ్చు. అక్కడ ఏముందో ఊహించి రాయకండి. "కొత్త టైము" అని రెండో జాబితాలో పెట్టి, అన్నయ్య పేరు రాయండి.

ఫొటోలకు ప్రతిపాదన ఉంది, "మేము చూసుకుంటాం" అన్నారు కాబట్టి బాధ్యత అత్తావాళ్లదని కూడా తెలుస్తోంది. ఒప్పుకోలే లేదు. అమ్మ అన్నది "మీ ఇష్టం". బాబాయ్ వీడియో గురించి అడిగితే ఎవరూ జవాబివ్వలేదు. కాబట్టి ఇది తేలలేదు. జవాబు రాని ప్రశ్నలు చాట్‌లో పైకి జరిగిపోయి ఎవరి కంటా పడవు. చదివేటప్పుడు ప్రశ్నలా ఉన్న ప్రతి లైను దగ్గర ఆగి, కింద జవాబు ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. ఇక్కడి 242లా మనవాళ్లు ప్రశ్నార్థకం పెట్టకుండానే అడుగుతారు కాబట్టి ఆ గుర్తు కోసం వెతికితే దొరకవు.

గదుల విషయంలో రెండు ముళ్లున్నాయి. బావ ఎవరు, గదులు ఎన్ని? పైగా బావ తనంతట తాను గ్రూపులో ఆ మాట అనలేదు, అన్నాడని అన్నయ్య చెప్పాడు. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పిన మాటను "చెప్పినట్టు తెలిసింది" అనే రాయాలి, ఆ మనిషి నోటి నుంచి వచ్చేదాకా తేలినట్టు కాదు. ఫోన్‌లో మాట్లాడుకున్నాం అన్న మెసేజ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

చివరగా లెక్క. "లెక్క తేలాక" అని నాన్న అన్నారు కానీ ఎవరు తేలుస్తారో అనలేదు. మొత్తం ముక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. హాలు సరిపోతుందా, ఎన్ని గదులు, ఎన్ని కార్డులు అన్నవన్నీ ఈ ఒక్క సంఖ్య కోసం ఆగి ఉన్నాయి.

రెండు జాబితాలు రాయడం

మీ దగ్గర ఉంచుకునే షీటులో తేలినవాటికి ఐదు గడులు పెట్టండి: విషయం, ఏం తేలింది, ఎవరి మాట, ఏ తేదీన, ఏ లైను. తేలాల్సినవాటికి కూడా ఐదు: ఏం తేలాలి, ఎవరు చూడాలి, ఎప్పటిలోగా, దేని కోసం ఆగింది, ఏ లైను. "దేని కోసం ఆగింది" అన్న గడిని ఖాళీగా వదలకండి. దేని కోసమూ ఆగకపోతే "ఏమీ లేదు" అని రాయండి. ఆ గడి నింపాక, ఎక్కువ పనులు ఏదానికోసం ఎదురుచూస్తున్నాయో అది జాబితాలో పైకి వెళ్లాలి. చాట్‌లో ఎక్కువ చర్చ జరిగినదాన్ని పైన పెట్టాలనిపిస్తుంది. కానీ కార్డు రంగు మీద యాభై మెసేజ్‌లు, అతిథుల లెక్క మీద ఒకే ఒక్క మెసేజ్ ఉండటం మామూలే.

గ్రూపులోకి పంపే మెసేజ్ మాత్రం ఫోన్ తెర మీద ఒకటి రెండు జరుపుల్లో చదివేలా ఉండాలి. పై ముక్కకు అది ఇలా ఉంటుంది:

```
*9 ఫిబ్రవరి వరకు మన చాట్ చూసి రాసినది*

*తేలినవి*
1. మొదటి హాలు. అడ్వాన్స్ 5న ఇచ్చాం.
2. కార్డు ఇప్పుడే ప్రింటుకి ఇవ్వడం లేదు.

*తేలాల్సినవి*
1. అతిథుల లెక్క: ఎవరు వేస్తారు?
2. అన్నయ్య: హాలు ఏ తేదీకి, ఎంతమంది పడతారు?
3. అన్నయ్య: కార్డులో కొత్త టైము ఎంత?
4. అమ్మ: కార్డు డిజైన్ ఖాయమేనా?
5. నాన్న, అమ్మ: ఫొటోలు అత్తావాళ్లు చెప్పినతనికే ఇద్దామా?
6. అత్త: వీడియో కూడా అతనేనా?
7. అన్నయ్య: గదులు చూసుకుంటానన్నది ఎవరు? (ఎన్ని అన్నది లెక్క తేలాక)

తప్పుంటే నంబరు వేసి చెప్పండి. 11 రాత్రిలోగా.
```

ఇక్కడ పిలుపులు వాడటానికి కారణం ఉంది. ఈ మెసేజ్ పంపేది ఇంటి చిన్న కూతురు, పెద్దవాళ్లను పేరు పెట్టి రాస్తే బాగుండదు. ఎవరిని ఉద్దేశించిందో గ్రూపులో అందరికీ తెలిసే పిలుపైతే సరే. "బావ" లాంటి రెండు అర్థాల పిలుపు మాత్రం వాడకూడదు. మీ షీటులో అందరికీ పేర్లే ఉండాలి.

తేలాల్సిన ప్రతిదీ ఒక మనిషికి వేసిన ఒక ప్రశ్నలా ఉండటం గమనించండి. "ఫొటోలు పెండింగ్" అని రాస్తే అందరూ చదువుతారు, ఎవరూ జవాబివ్వరు. "అన్నయ్య ఇంకా హాలు తేదీ చెప్పలేదు" అని రాస్తే నింద అవుతుంది, చర్చ పక్కదారి పడుతుంది. పేరు, ప్రశ్న, గడువు ఉంటే చాలు. పనికి మనిషి లేనప్పుడు ఎవరి పేరూ మీ అంతట మీరు పెట్టకుండా, ఎవరు చేస్తారనే అడగండి. చాట్‌లో దొర్లిన అలకలు, డబ్బు మీద మాటామాటా, ఎవరినో తీసిపారేసిన వ్యాఖ్యలు సారాంశంలోకి రాకూడదు. వాటి వెనక నిజంగా తేలని విషయం ఉంటే అది మాత్రమే ప్రశ్నగా రావాలి.

వచ్చిన జవాబులను షీటులో రాసి, తేలినదాన్ని మొదటి జాబితాలోకి మార్చండి. ఎవరూ మాట్లాడకపోతే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. గడువు దాటాక ఆ మనిషికి విడిగా ఫోన్ చేసి అడిగి, ఆ జవాబును ఆయన్నే గ్రూపులో ఒక లైను రాయమనండి. అప్పుడు అది కూడా తర్వాతి ఫైల్లోకి వస్తుంది.

మళ్లీ తీసినప్పుడు

పెళ్లి వరకు వారానికోసారి ఈ పని మళ్లీ చేయాలి. కొత్త ఫైల్లో లైను నంబర్లు పాతవాటితో కలవకపోవచ్చు, అందుకే షీటులో లైను నంబరు పక్కన తేదీ, సమయం కూడా ఉండాలి. పోయినసారి చివరి మెసేజ్ సమయం వెతికి పట్టుకుని, అక్కడి నుంచి కొత్తవి చదవండి. చదివే ముందు తేలినవాటి జాబితా ఒకసారి చూసుకోండి. కొత్త మెసేజ్‌ల్లో "మళ్లీ ఆలోచిస్తే", "వాళ్లు వద్దంటున్నారు" లాంటి మాటలు ఏదైనా పాత నిర్ణయాన్ని తాకితే దాన్ని తుడిచేయకుండా గీత కొట్టి, "ఫలానా తేదీన మళ్లీ తెరిచారు" అని రాసి రెండో జాబితాలోకి తేవాలి. తుడిచేస్తే, వారం క్రితం సారాంశం చదివి పని మొదలుపెట్టిన మనిషికి అది ఎప్పుడు ఎందుకు మారిందో చూపించడానికి ఏమీ మిగలదు.

ఫైళ్లలో అందరి నంబర్లు, చిరునామాలు, కట్టిన డబ్బు వివరాలు ఉంటాయి. వాటిని ఫార్వర్డ్ చేయకుండా ఒకే చోట ఉంచి, పెళ్లి అయ్యి లెక్కలు చూసుకున్నాక ఫోన్‌లోంచీ, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మీకు మీరు పంపుకున్న మెయిల్‌లోంచీ తీసేయండి.